డిశ్చార్జి మందుల చీటీ: వృద్ధ రోగి మాత్రలు, ఇన్సులిన్

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్తున్న రోగికి ఏ మందు, ఎంత, ఎప్పుడు, ఎలా ఇవ్వాలో నర్సు కుటుంబసభ్యులకు రాసి ఇచ్చే కాగితమే డిశ్చార్జి మందుల చీటీ. డాక్టరు ఇచ్చే డిశ్చార్జి సమ్మరీ వేరు. జబ్బు పేరు, పరీక్షల ఫలితాలు, జరిగిన చికిత్స అందులో ఉంటాయి. అది చాలాచోట్ల ఇంగ్లిషులోనే ఉంటుంది, దాన్ని ఎక్కువగా ఉపయోగించేది తర్వాత చూసే డాక్టరు. చీటీని చదివేది కొడుకో, కోడలో, బడికి వెళ్లే మనవరాలో. మందుల వివరాలు రోగి వైపువారికి అర్థమయ్యేలా ఉండాలని ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాలు కూడా అడుగుతాయి. మోతాదు నిర్ణయించేది డాక్టరు. ఆ మోతాదు ఇంట్లో తప్పు లేకుండా రోగి ఒంట్లోకి చేరేలా చూడడం చీటీ పని. నర్సు చెబుతున్నప్పుడు పక్కన లేని మనిషే చాలాసార్లు రాత్రి మందు ఇస్తారు కాబట్టి, చీటీ ఒక్కటే చూసి పని చేయగలిగేలా ఉండాలి.

ఉదాహరణకు 72 ఏళ్ల రోగిని తీసుకోవచ్చు. పదిహేనేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. కాలి పుండు చీము పట్టి ఆసుపత్రిలో చేరారు. పుండు శుభ్రం చేశారు, షుగర్ అదుపులోకి వచ్చింది. కిడ్నీల పనితీరు కొంత తగ్గిందని తేలడంతో ఇదివరకు వాడుతున్న గ్లిమెపిరైడ్ మాత్ర ఆపి, 30/70 మిశ్రమ ఇన్సులిన్ మొదలుపెట్టారు: ఉదయం 16 యూనిట్లు, రాత్రి 8 యూనిట్లు. మాత్రలు నాలుగు. మెట్‌ఫార్మిన్ 500 ఉదయం, రాత్రి తిన్న తర్వాత. బీపీకి టెల్మిసార్టన్ 40 ఉదయం. కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ రాత్రి. పుండు కోసం యాంటీబయాటిక్ అయిదు రోజులు, రోజుకు రెండుసార్లు భోజనంతో.

ఇలాంటి చీటీలో మొదట రాయవలసింది కొత్త మందుల పేర్లు కావు, ఆపేసిన మందుల పేర్లు. రోగి ఇంటికి చేరేసరికి అలమరాలో పాత మందుల డబ్బా ఉంటుంది. అందులో గ్లిమెపిరైడ్ స్ట్రిప్పు ఇంకా సగం మిగిలే ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న మందును పారేయడానికి ఎవరికీ చేతులు రావు. ఆ మాత్ర, ఇన్సులిన్ రెండూ కలిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారిలో గ్లిమెపిరైడ్ ప్రభావం గంటల తరబడి సాగుతుంది, ఒకసారి కోలుకున్నాక మళ్లీ పడిపోయే అవకాశమూ ఉంది. రెండో చిక్కు బ్రాండు పేర్లతో వస్తుంది. ఇంట్లో ఉన్న బీపీ మాత్ర ఒక కంపెనీది, ఆసుపత్రి మందుల షాపులో ఇచ్చింది మరో కంపెనీది. రెండు స్ట్రిప్పుల మీదా చిన్న అక్షరాల్లో టెల్మిసార్టన్ 40 అనే ఉంటుంది, కానీ పేర్లు, రంగులు వేరు కావడంతో రెండూ వేస్తారు. మర్నాడు పెద్దాయన మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోతారు. అందుకే మంచి చీటీలో బ్రాండు పేరు పక్కనే మందు అసలు పేరు, అది దేనికో కూడా ఉంటాయి. పాత డబ్బాను డిశ్చార్జి రోజున ఆసుపత్రికి తెప్పించుకుని, నర్సు ఎదుటే వేరుచేయడం ఇంకా మంచిది.

వేళల్ని డాక్టర్లు 1-0-1 అని రాస్తారు. మొదటి అంకె ఉదయానికి, నడిమిది మధ్యాహ్నానికి, చివరిది రాత్రికి. అంకె ఎన్ని మాత్రలో చెబుతుంది, సున్నా ఉంటే ఆ పూట లేదు. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. ఈ పొట్టి గుర్తులను చీటీలోకి యథాతథంగా ఎత్తి రాస్తే ఫలితం ఉండదు. “ఉదయం టిఫిన్ తిన్నాక ఒకటి, రాత్రి భోజనం చేశాక ఒకటి” అని ఇంటి దినచర్యకు కట్టి రాయాలి. చదువురాని ఇల్లాలు మందులిచ్చే చోట సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి ఇచ్చే నర్సులున్నారు. ఎన్ని రోజులో కూడా తేదీతోనే చెప్పాలి. “అయిదు రోజులు” అన్నప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన రోజులు అందులో కలుస్తాయా లేదా అని తెలియదు, ఆఖరి మాత్ర తేదీ రాస్తే ఆ సందేహం రాదు.

మాత్రల విషయంలో వృద్ధులకు ప్రత్యేకంగా చెప్పవలసినవి రెండే. పడుకోబెట్టి వేయకూడదు. కూర్చోబెట్టి తగినన్ని నీళ్లతో మింగించి, కాసేపు అలాగే కూర్చోనివ్వాలి. మింగలేకపోతున్నారని మాత్రను నూరి తేనెలో కలిపే ముందు అడగాలి. ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఆర్ అని ఉన్నవి మెల్లగా కరిగేలా చేసిన మాత్రలు. నూరితే రోజంతా విడుదల కావలసిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. మామూలు మెట్‌ఫార్మిన్ 500, మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ 500 స్ట్రిప్పుల మధ్య తేడా ఆ రెండు అక్షరాలే.

ఇన్సులిన్ దగ్గరికి వచ్చేసరికి అన్నిటికంటే పెద్ద తప్పు సిరంజి ఎంపికలో జరుగుతుంది. భారతదేశంలో సీసాల్లో దొరికే సాధారణ ఇన్సులిన్‌లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో వస్తుంది. పెన్నులు, వాటిలో వేసే కార్ట్రిడ్జిలు, కొన్ని ఖరీదైన సీసాలు 100 యూనిట్ల బలంతో వస్తాయి. సిరంజిలూ అలాగే రెండు రకాలు: ఎర్ర మూత ఉన్నది 40 బలానికి, నారింజ మూత ఉన్నది 100 బలానికి. 40 సీసా నుంచి నారింజ మూత సిరంజితో 16వ గీత దాకా తీస్తే చేరేది 0.16 మిల్లీలీటరు, అంటే 6.4 యూనిట్లే. షుగర్ దిగదు, పుండు మానదు, డాక్టరు మోతాదు పెంచుతారు. తిరగేసి 100 బలం ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో 16 దాకా తీస్తే వెళ్లేది 40 యూనిట్లు. అది ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి చీటీ మీద సీసా బలం, సిరంజి మూత రంగు పక్కపక్కనే ఉండాలి. మోతాదును “16 యూనిట్లు” అని పూర్తిగా రాయాలి. అంకె పక్కన ఇంగ్లిషు యూ అక్షరం ఒక్కటే పెడితే తొందరలో అది సున్నాలా కనిపించి 8 కాస్తా 80 అవుతుంది.

సూది వేసే పద్ధతి నాలుగైదు రోజుల్లో చేతికి అలవాటవుతుంది. చేతులు కడుక్కుని, పాలలా మసకగా ఉండే ఈ ఇన్సులిన్ సీసాను అరచేతుల మధ్య పదిసార్లు మెల్లగా దొర్లించి, పదిసార్లు తలకిందులు చేయాలి. గట్టిగా ఊపకూడదు. ఆ తర్వాత కూడా తరకలు తేలుతుంటే, సీసా గోడకు పొరలా అంటుకుంటే ఆ సీసా పనికిరాదు. సిరంజిలో 16 గీత దాకా గాలి లాగి సీసాలోకి వదిలి, సీసాను తిరగేసి 16 యూనిట్లు తీయాలి. బుడగలుంటే వేలితో తట్టి పైకి తెచ్చి బయటికి నెట్టాలి. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలి పొట్ట మీద గానీ, తొడ ముందు వైపు గానీ చర్మాన్ని రెండు వేళ్లతో మడతలా పట్టుకుని సూది దించాలి. పలచటి శరీరమైతే కాస్త ఏటవాలుగా దించాలి. మందు నెమ్మదిగా నెట్టి, పది లెక్కపెట్టి సూది తీయాలి. రుద్దకూడదు. రోజూ ఒకేచోట వేస్తే అక్కడ కొవ్వు గడ్డకడుతుంది. ఆ గడ్డలో నొప్పి తెలియదు కాబట్టి రోగి అక్కడే వేయమంటారు, కానీ అక్కడినుంచి మందు ఒక రోజు ఎక్కువగా, ఒక రోజు తక్కువగా రక్తంలో కలుస్తుంది. వేసిన చోటు నుంచి వేలెడు దూరం జరుగుతూ పోవాలి.

ఈ ఇన్సులిన్ వేసిన అరగంటలో భోజనం పడాలి. సూది వేసి, ఆ తర్వాత కూర తాలింపు మొదలుపెట్టడం కాక, భోజనం సిద్ధమవుతోందని చూసుకునే సూది తీయాలి. ఏకాదశి, శనివారం ఒంటిపూట, రంజాన్ ఉపవాసం ఏదైనా ఉంటే ముందే డాక్టరుకు చెప్పి మోతాదు మార్పించుకోవాలి. వాంతులై అన్నం సయించని రోజున కూడా సొంతంగా మానేయకుండా, మామూలు మోతాదు వేసేయకుండా ఫోన్ చేసి అడగాలి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండింతలు వేయకూడదు.

షుగర్ పడిపోయిందని వృద్ధుల్లో గుర్తించడం కష్టం. చెమట, వణుకు, గుండెదడ కనిపించకపోవచ్చు. ఉన్నట్టుండి మాట తడబడడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, మగతగా ఉండడం, నడకలో తూలడం కనిపిస్తాయి. ఇంట్లోవారు వయసు మీద వేసి ఊరుకుంటారు. గ్లూకోమీటరులో 70 కంటే తక్కువ చూపినా, మీటరు దగ్గర లేకపోయినా, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల పంచదార లేదా గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ చూడాలి, పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి, తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు వాక్యాలు చీటీలో మిగతా వాటికంటే పెద్ద అక్షరాల్లో ఉండాలి.

తెరవని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఐస్ గట్టే అరకు దూరంగా ఉండాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించవచ్చు, కానీ పనిచేయదు. తెరిచిన సీసాను సుమారు నాలుగు వారాలు వాడుకోవచ్చు, అందుకే తెరిచిన తేదీని దాని మీదే రాయాలి. ఎండాకాలంలో ఫ్రిజ్ లేని ఇంట్లో, సీసాను మూత ఉన్న డబ్బాలో పెట్టి, నీటితో తడిసిన మట్టికుండలో నీడపట్టున ఉంచితే గది వేడికంటే చల్లగా ఉంటుంది.

మందు సరిగా వెళ్తోందో లేదో సీసాయే చెబుతుంది. 40 బలం ఉన్న 10 మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లు ఉంటాయి. రోజుకు 24 చొప్పున అది పదహారు రోజులకు అయిపోవాలి. రెండు వారాల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు సీసాలో ఇంకా సగానికి మించి ఉంటే, పూటలు తప్పుతున్నాయి లేదా నారింజ మూత సిరంజి వాడుతున్నారు. ఆ సిరంజితోనైతే అదే సీసా నలభై రోజులు దాటి వస్తుంది. వారంలోనే ఖాళీ అయితే మోతాదు ఎక్కువ వెళ్తోంది, ఆ మాట రెండు వారాలు ఆగకుండా వెంటనే చెప్పాలి. అందుకే చీటీ చివర “వచ్చేటప్పుడు సీసా, సిరంజి, అన్ని స్ట్రిప్పులూ తీసుకురండి” అని రాస్తారు.

వాడిన సూదులను మూత గట్టిగా ఉన్న మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక ఆసుపత్రిలో గానీ, ఇంటి ప్రమాదకర చెత్తను విడిగా తీసుకునేవారికి గానీ ఇవ్వాలి. చెత్తబుట్టలో విడిగా పడేస్తే పారిశుధ్య కార్మికుల చేతికి గుచ్చుకుంటుంది.

చీటీ ఇచ్చే ముందు “అర్థమైందా” అని అడిగితే దాదాపు అందరూ అయిందనే అంటారు. నర్సు ఆ ప్రశ్న అడగకుండా, సూది వేయబోయే మనిషి చేతికే సిరంజి ఇచ్చి 16 గీత దాకా తీసి చూపించమంటుంది. ఈ రాత్రి ఏయే మాత్రలు వేస్తారో చీటీ చూసి చెప్పమంటుంది. తప్పు వస్తే అక్కడే సరిచేస్తుంది. ఇంటికి వెళ్లాక మోతాదు మారితే పాత చీటీ మీద కొట్టివేతలు, దిద్దుబాట్లు చేయకూడదు. తేదీ వేసి కొత్తది రాయించుకుని, పాతది చింపేయాలి.