అరువదింటి లెక్క

గంటకు 60 నిమిషములు, నిమిషమునకు 60 సెకండ్లు. ఉగాదినాడు విప్పు పంచాంగములోను దినమునకు 60 గడియలు, గడియకు 60 విఘడియలు. ఈ అరువది ఎక్కడిది?

నాలుగువేల యేండ్ల క్రిందటనే బాబిలోనియా లేఖకులు అరువదింటితో లెక్కలు వ్రాసిరి. నూరును మూటితో పంచిన శేషము మిగులును. అరువదిని 2, 3, 4, 5, 6 లలో దేనితో పంచినను మిగులదు. క్రీ. శ. 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో టాలమీ వృత్తములోని అంశను 60 భాగములుగను, ఒక్కొక్క భాగమును మరల 60గను విభజించెను. లాటినులో వీనిని మొదటి చిన్న భాగము, రెండవ చిన్న భాగము అనిరి. మినిట్, సెకండు అను మాటలు అందుండి పుట్టినవే. తరువాత గంటకును ఆ విభజనమే వచ్చినది. సెకండనగా రెండవమారు విభజించినదన్నమాట.

లెక్క ఒక్కటే, మొదలే వేరు: వారు గంటను విభజించిరి, మనము దినమును. కనుక గడియకు 24 నిమిషములు. తిథి 22 గడియల 30 విఘడియలని యున్నదనుకొందము. 22 గడియలకు 528 నిమిషములు, 30 విఘడియలకు 12. మొత్తము 540, అనగా 9 గంటలు. సూర్యోదయము 6 గంటలకైనచో తిథి పగలు 3 గంటలకు ముగియును.

అయితే ఎక్కడి సూర్యోదయము? విజయవాడకు గణించిన పంచాంగమును ముంబయిలో చూచువారు విజయవాడ సూర్యోదయమునుండియే లెక్కింపవలెను. ముంబయిలో సూర్యుడు సుమారు అరగంట ఆలస్యముగా ఉదయించును; అది మరచినచో గడియకు పైగా తప్పును.