బొటనవేలికి చోటెక్కడ?

విజయవాడ నుంచి బందరు వెళ్లే దారిలో పామర్రు చుట్టుపక్కల అన్నీ వరి పొలాలే. దమ్ము చేసిన మడిలో చెప్పులతో నడవడం కుదరని పని. ఏళ్ల తరబడి ఒట్టికాళ్లతో తిరిగిన పాదం ముందు భాగంలో విసనకర్రలా విచ్చుకుంటుంది. ఇది వట్టి ఊహ కాదు. బెంగళూరు ప్రాంతంలో చెప్పులు లేకుండా తిరిగేవాళ్ల పాదాలను బెల్జియం పరిశోధకులు కొలిచి, అవి వెడల్పుగా ఉంటాయని, నడకలో బరువు పాదమంతటా మరింత సమంగా పడుతుందని 2009లో ప్రకటించారు. చిక్కంతా ఆ పాదాన్ని మొనదేలిన బూటులో దూర్చినప్పుడే మొదలవుతుంది.

అలా నొక్కుకుపోయిన బొటనవేలు క్రమంగా రెండో వేలి వైపు వాలుతుంది. దాని మొదట్లో ఉన్న కీలు బయటికి పొడుచుకొస్తుంది. డాక్టర్లు దాన్ని బ్యునియన్ అంటారు. బూటు రాసుకుని అక్కడ ఎర్రబడటం, వాయడం తర్వాతి కథ.

ఈ బాధ పాతదే. కేంబ్రిడ్జిలో తవ్వకాల్లో దొరికిన 177 మధ్యయుగపు అస్థిపంజరాలను పరిశీలిస్తే 11-13 శతాబ్దాల వాళ్లలో 6 శాతానికి ఉన్న ఈ వంకర, 14-15 శతాబ్దాలకి 27 శాతానికి పెరిగిందని 2021లో తేలింది. మొన సాగిన బూట్లు అప్పటి ఫ్యాషను. 1463లో ఇంగ్లండు రాజు నాలుగో ఎడ్వర్డ్ ప్రభువుల కన్నా తక్కువ హోదా వాళ్లకి ఆ మొన రెండంగుళాలు దాటకూడదని చట్టమే చేయాల్సి వచ్చింది.

అసలు తప్పు ఎక్కడుందో గీత గీసి చూపించినవాడు జ్యూరిచ్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫాన్ మేయర్. 1858లో ఆయన పుస్తకం వచ్చింది. బొటనవేలి నడిమధ్యగా గీసిన గీతను వెనక్కి పొడిగిస్తే మడమ మధ్యకు చేరాలి, కాబట్టి బూటు లోపలి అంచు నిటారుగా ముందుకు సాగాలి అన్నాడు. అప్పటి బూట్ల మొన మాత్రం పాదం మధ్యలో ఉండేది. ఈనాటికీ చాలా కంపెనీలు ఆ మధ్య మొననే నమ్ముకున్నాయి. వెడల్పు అని ముద్రవేసిన బూటు కూడా వేళ్ల దగ్గర కోసుగా ఉంటే దానివల్ల ఒరిగేదేమీ లేదు.

1958లో హాంకాంగ్‌లో చేసిన సర్వేలో బూట్లు వేసుకునేవాళ్లలో 33 శాతానికి ఈ వంకర కనిపించింది, వేసుకోనివాళ్లలో రెండు శాతానికి లోపే. పూర్తిగా సున్నా కాలేదు, వంశపారంపర్యమూ ఉంది కాబట్టి.

మన దేశంలో సైజులు బ్రిటిష్ వాళ్లు వదిలిపోయినవి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకూ 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను స్కాన్ చేయించి, భారతీయుల పాదాలు పాశ్చాత్యుల కన్నా వెడల్పని నిర్ధారించింది. ‘భా’ అనే కొత్త సైజుల పద్ధతిని ప్రతిపాదించింది.

అది దుకాణాల్లో నిండేలోగా జనం చేసేపని ఒకటే, ఒక సైజు పెద్దది కొనడం. లెక్క చూస్తే మోసం తెలుస్తుంది. బ్రిటిష్ సైజు ఒకటి పెరిగితే పొడవు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, చుట్టుకొలత సుమారు ఆరు. పాదం అడుగు వెడల్పుకి అందులో దక్కేది రెండో మూడో మిల్లీమీటర్లు. పాదం 104 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి, బూటు లోపలి అట్ట 92 ఉందనుకోండి. ఒక సైజు పెంచినా ఆ లోటు తీరదు, పైగా ముందు ఖాళీ మిగులుతుంది, పాదం జారి మళ్లీ మొనలోకే పోతుంది, బూటు మడిచే చోటు వేళ్ల కీళ్లతో కలవదు. కావలసింది అదే పొడవులో ఎక్కువ వెడల్పు.

పైభాగం సాగే అల్లికదైతే పొడుచుకొచ్చిన కీలు మీద ఒత్తిడి తగ్గుతుంది. అయితే ఆ చోట కుట్టు గానీ పట్టీ గానీ ఉండకూడదు. అడుగు ఇరుకైతే ఎంత సాగినా లాభం లేదు, పాదం అంచు దాటి పక్కకి పొర్లుతుంది. నిజమైన తోలు బూటుకైతే చెప్పులు కుట్టేవాళ్లు ఆ ఒక్క చోటే సాగదీయగలరు: తోలుని తడిపి, లోపల గుండు, బయట రింగు ఉన్న పట్టకారు బిగించి రాత్రంతా ఉంచితే తోలు బుడిపెలా ఉబ్బి నిలుస్తుంది. రెక్సిన్ అలా నిలవదు, వదిలేయగానే వెనక్కొస్తుంది, లేదంటే పగులుతుంది. ఇవేవీ వాలిన వేలిని తిరిగి నిలబెట్టవు. నొప్పి తగ్గిస్తాయి, అంతే. షుగరుతో పాదం మొద్దుబారినవాళ్లకి బూటు కరుస్తున్న సంగతే తెలియదు, వాళ్లు ప్రతి సాయంత్రం పాదం చూసుకోవాలి.

కొనేముందు కాళ్లు కాస్త వాచి ఉండే సాయంత్రంపూట కాగితం మీద నిలబడి, పెన్ను నిటారుగా పట్టి రెండు పాదాల చుట్టూ గీత గీయించుకోండి. ఆ కాగితాన్ని దుకాణానికి తీసుకెళ్లి, బూటు లోపలి అట్ట బయటికొస్తే దాన్ని గీత మీద పెట్టి చూడండి. బొటనవేలు అట్ట దాటి బయటికొస్తే ఆ బూటు కొనకండి.