టెస్ట్ స్క్రీనింగ్ (రఫ్ కట్ ప్రదర్శన)

ఎడిటింగ్ ఇంకా ముగియని సినిమాను, దానితో ఏ సంబంధమూ లేని ప్రేక్షకులకు చూపించి, వాళ్ల స్పందనను బట్టి సరిదిద్దుకునే పద్ధతిని టెస్ట్ స్క్రీనింగ్ అంటారు. ఈ దశలో చూపించే ప్రతి రఫ్ కట్. అందులో దృశ్యాలన్నీ కథాక్రమంలో ఉంటాయి గానీ నేపథ్య సంగీతం తాత్కాలికంగా వేరే సినిమాల నుంచి తెచ్చిపెట్టినదై ఉంటుంది, గ్రాఫిక్స్ సగంలో ఉంటాయి, రంగుల సవరణ మొదలై ఉండదు. పూర్తయిన సినిమాను విడుదలకు ముందు పత్రికలవారికీ బయ్యర్లకూ వేసే ప్రివ్యూ వేరు. అక్కడ అభిప్రాయం విన్నా మార్చడానికి పెద్దగా ఏమీ మిగలదు.

తొలి రోజులు

ఈ పద్ధతి అమెరికాలో, మూకీ హాస్యచిత్రాల దగ్గర మొదలైంది. నవ్వు వచ్చిందో లేదో చెవికి తెలిసిపోతుంది కాబట్టి హాస్యానికి ఇది సహజంగా కుదిరింది. నటుడు హెరాల్డ్ లాయిడ్ దీన్ని శ్రద్ధగా పాటించినవారిలో ముందువాడు. 1921లో వచ్చిన ఆయన ‘ఐ డూ’ మొదట మూడు రీళ్ల చిత్రం. ప్రివ్యూలో మొదటి రీలుకు ప్రేక్షకులు నవ్వలేదు. లాయిడ్ ఆ రీలు మొత్తాన్ని తీసేసి రెండు రీళ్లుగా విడుదల చేశాడు. ఆ తర్వాత ఎంజీఎం సంస్థలో నిర్మాణ బాధ్యతలు చూసిన అర్వింగ్ థాల్‌బర్గ్ దీన్ని స్టూడియో దినచర్యలో భాగం చేశాడు. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఊళ్లలో సినిమా వేసి, వచ్చిన స్పందనను బట్టి కొన్ని దృశ్యాలను మళ్లీ తీయించేవాడు.

1936 చివర్లో ఫ్రాంక్ కాప్రా ‘లాస్ట్ హొరైజన్’ను శాంటా బార్బరాలో వేసినప్పుడు గంభీరమైన ఘట్టాలకు ప్రేక్షకులు నవ్వారు. మొదటి రెండు రీళ్లు తీసేశాకే సినిమా నిలబడిందని కాప్రా తన ఆత్మకథలో రాశాడు. ఇతర మార్పులు కూడా చాలానే జరిగాయి కాబట్టి సినిమా చరిత్రకారులు ఆ కథను యథాతథంగా తీసుకోరు.

పొమోనా, 1942

ఈ పద్ధతి చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పే ఉదంతం ఆర్సన్ వెల్స్ తీసిన ‘ద మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్’. ఒక సంపన్న కుటుంబం క్షీణించిపోయే కథ. ముగింపు విషాదం. షూటింగ్ అయ్యాక వెల్స్ మరో చిత్రం కోసం బ్రెజిల్ వెళ్లాడు. రెండు గంటల పైచిలుకు రఫ్ కట్ ఎడిటర్ రాబర్ట్ వైజ్ చేతిలో ఉంది. దర్శకుడికీ ఎడిటర్‌కూ మధ్య ఎక్కువగా తంతివార్తలే ఆధారం.

1942 మార్చి 17న కాలిఫోర్నియాలోని పొమోనాలో, ఫాక్స్ థియేటర్‌లో సినిమా వేశారు. ఆ సాయంత్రం హాల్లో అప్పటికే ‘ద ఫ్లీట్స్ ఇన్’ ఆడుతోంది. నావికుల సరదాలు, పాటలు, డాన్సులతో నిండిన సినిమా అది. దాని కోసం టికెట్టు కొన్న జనమే, అందులో ఎక్కువమంది కుర్రవాళ్లు, వెంటనే ఆంబర్సన్ కుటుంబ పతనాన్ని చూడాల్సి వచ్చింది. అమెరికా యుద్ధంలోకి దిగి అప్పటికి మూడు నెలలు. నటి ఆగ్నెస్ మూర్‌హెడ్ దుఃఖంతో కుప్పకూలే దృశ్యానికి కూడా హాల్లో నవ్వులు వినిపించాయి. ప్రేక్షకులు అభిప్రాయం రాసిచ్చిన 125 కార్డుల్లో 72 ప్రతికూలం. సినిమాను గొప్పగా మెచ్చుకున్న కార్డులూ అందులో ఉన్నాయి. నిర్మాణ సంస్థ ఆర్కేఓ అధ్యక్షుడు జార్జ్ షేఫర్ తన వృత్తిజీవితంలో ఇంత బాధ ఎన్నడూ పడలేదని వెల్స్‌కు ఉత్తరం రాశాడు.

రెండు రోజుల తర్వాత పాసడీనాలో మళ్లీ వేస్తే ఫలితం తారుమారైంది. అక్కడి 85 కార్డుల్లో ప్రతికూలమైనవి 18 మాత్రమే. ఈ తేడాను ప్రేక్షకుల తేడాగా చూడటం సులువు. కానీ రెండు ఊళ్లలో ఆడింది ఒకే సినిమా కాదు. పొమోనా ప్రదర్శనకు ముందు వెల్స్ బ్రెజిల్ నుంచి తంతి ఇచ్చి మధ్యలో ఒక పెద్ద భాగాన్ని తీయించాడు. పాసడీనాలో వైజ్ దాన్ని తిరిగి చేర్చాడు. అంటే ప్రేక్షకులూ మారారు, ముందు ఆడిన సినిమా మారింది, చూపించిన ప్రతీ మారింది. మూడూ ఒకేసారి మారితే ఏ మార్పు వల్ల ఏ ఫలితం వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

స్టూడియో మాత్రం పొమోనానే నమ్మింది. నలభై నిమిషాలకు పైగా కోసి, ఆశాజనకమైన కొత్త ముగింపు వేరేవారి చేత తీయించి, జూలైలో 88 నిమిషాల సినిమాగా విడుదల చేసింది. తీసేసిన నెగెటివ్‌ను ఆ తర్వాత నాశనం చేశారు. మిగిలిన సినిమా కూడా అమెరికన్ చిత్రాల్లో అగ్రశ్రేణికి చెందినదే. కానీ పొమోనా కార్డులను మళ్లీ పరీక్షించే అవకాశం అప్పటితో పోయింది. పాత ప్రతిని చెక్కుచెదరకుండా దాచి, మార్పులను విడి ప్రతిలో చేసే నేటి ఎడిటింగ్ గది అలవాటు విలువ ఈ నష్టం ముందు బాగా తెలుస్తుంది.

ఆ తర్వాతి పాతికేళ్లలో చెప్పుకోదగ్గది బిల్లీ వైల్డర్ ‘సన్‌సెట్ బూలవార్డ్’ (1950). మొదట అది శవాగారంలో శవాలు మాట్లాడుకోవడంతో మొదలయ్యేది. ఇలినాయ్ రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్‌లో జనం దానికి పగలబడి నవ్వారు. వైల్డర్ ఆ దృశ్యాన్ని తీసేశాడు, మృతుడే కథ చెప్పే పద్ధతిని మాత్రం ఉంచుకున్నాడు. ఆలోచన తప్పు కాదని, దాన్ని మొదలుపెట్టిన చోటే తప్పని గ్రహించడం ఆయన నేర్పు.

ఒక కేక, సగం కేక

1975లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ ‘జాస్’ను డాలస్‌లో వేసినప్పుడు, పడవ వెనుక నుంచి సొరచేప హఠాత్తుగా తల ఎత్తే చోట హాలంతా కేకలు పెట్టింది. ఇంకొక్క కేక కావాలనిపించింది ఆయనకు. సముద్రంలో సగం మునిగిన పడవకు పడ్డ కన్నంలోంచి శవం తల బయటికొచ్చే దృశ్యాన్ని, సొంత డబ్బు పెట్టి, ఎడిటర్ వెర్నా ఫీల్డ్స్ ఇంటి ఈతకొలనులో మళ్లీ తీశాడు. నీళ్లు సముద్రంలా మసకగా కనపడటానికి పాలపొడి కలిపారు. తర్వాతి ప్రదర్శనల్లో ఆ తల కనపడగానే జనం ఎగిరిపడ్డారు. అయితే ఆ తర్వాత వచ్చే సొరచేప దృశ్యానికి కేక మునుపటికన్నా సగానికి తగ్గింది. ఒకసారి ఉలిక్కిపడ్డవాళ్లు ఇక జాగ్రత్తగా కూర్చున్నారు. స్పీల్‌బర్గ్ స్వయంగా చెప్పిన ఈ సంగతి ఎడిటర్లకు బాగా పనికొస్తుంది. ఒక చోట చేసిన మార్పు దాని తర్వాత వచ్చే వాటన్నిటినీ కదిలిస్తుంది. కాబట్టి మార్చిన దృశ్యాన్ని విడిగా చూసుకుంటే చాలదు, మొదటి నుంచీ మళ్లీ కొత్త ప్రేక్షకులకు వేయాలి.

కార్డు, ప్రశ్నలు

1978లో జోసెఫ్ ఫారెల్, కాథరిన్ పౌరా స్థాపించిన నేషనల్ రిసెర్చ్ గ్రూప్ ఈ పనిని ఒక వృత్తిగా మలిచింది. నేడు హాలీవుడ్‌లో వాడే ప్రశ్నపత్రం రూపం చాలావరకు ఆ తరహాదే. సినిమా అద్భుతమా, చాలా బాగుందా, బాగుందా, పర్వాలేదా, బాగాలేదా అన్న ఐదు మెట్లతో మొదలవుతుంది. పై రెండు మెట్లలో ఎంతమంది నిలిచారన్నది ఒక లెక్క. స్నేహితులకు తప్పకుండా చూడమని చెబుతామన్నవాళ్లు ఎంతమంది అన్నది రెండో లెక్క. ఆ తర్వాత నచ్చిన దృశ్యాలు, నచ్చనివి, అర్థంకానివి, సాగదీసినట్టు అనిపించినవి అడుగుతారు. కార్డులు తీసుకున్నాక ఇరవై మందిని ఉండమని ముందు వరుసల్లో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు.

చిన్న సినిమాకు ఇంత ఏర్పాటు అక్కర్లేదు, వరుస మాత్రం ముఖ్యం. మొదలుపెట్టే ముందు సంగీతం, గ్రాఫిక్స్ తాత్కాలికమని ఒక్క మాట చెబితే చాలు, కథ గురించి ఏమీ చెప్పకూడదు. కార్డు నింపడం చర్చకన్నా ముందే జరగాలి. గట్టి గొంతున్న ఒకరు మాట్లాడాక మిగతావాళ్ల జ్ఞాపకం అటు వంగిపోతుంది. దర్శకుడు ఎదురుగా కూర్చుంటే జనం మర్యాద పాటిస్తారు, అందుకే మాట్లాడించేది మరొకరై ఉంటారు. ప్రశ్న అడిగే తీరూ ముఖ్యమే. ఉదాహరణకు ‘తమ్ముడు ఇల్లు వదిలి వెళ్లడం మీకు అర్థమైందా’ అని అడిగితే అందరూ అయిందంటారు. ‘తమ్ముడు ఎందుకు వెళ్లిపోయాడు’ అని అడిగితే వచ్చే జవాబుల్లో సినిమా ఏం చెప్పిందో బయటపడుతుంది. ఏం మార్చమంటారని అడగడం వల్ల ఎదుటివారు ప్రేక్షకుడి స్థానం వదిలి రచయిత స్థానంలోకి వెళ్తారు. అక్కడి నుంచి వచ్చే సలహాలు అరుదుగానే పనికొస్తాయి.

స్పందనను వడగట్టడం

ఎడిటర్ వాల్టర్ మర్చ్ తన పుస్తకం ‘ఇన్ ద బ్లింక్ ఆఫ్ యాన్ ఐ’లో ఈ స్పందనను ఎలా చదవాలో స్పష్టంగా చెప్పాడు. మోచేతిలో నొప్పి అని వచ్చిన రోగికి భుజం దగ్గర నరం నలిగి ఉండొచ్చు. అలాగే ఎనభై శాతం మంది నచ్చలేదన్న దృశ్యంలో దోషమే ఉండకపోవచ్చు, దాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన సంగతి అంతకుముందే జారిపోయి ఉండొచ్చు. పని చేసే తీరు ఇది. ప్రతి వ్యాఖ్యనూ అది సూచించే చోటి టైమ్‌కోడ్ పక్కన రాస్తారు. ఒకే చోట గుమిగూడిన వ్యాఖ్యల్ని, వాటి మాటలు వేరైనా, ఒకే ఫిర్యాదుగా లెక్కిస్తారు. పై తమ్ముడి ఉదాహరణలో ఒకరు ‘సెకండాఫ్ లాగ్’ అని, ఇంకొకరు ‘తల్లి ఏడుపు ఎక్కువైంది’ అని, మరొకరు ‘అతని మీద జాలి కలగలేదు’ అని రాశారనుకుందాం. మూడూ అతను వెళ్లిపోయిన కారణం తెలియకపోవడం నుంచే పుట్టి ఉండొచ్చు. అప్పుడు తల్లి దృశ్యాన్ని కత్తిరించేముందు, మొదటి సగంలో కోసేసిన గొడవ దృశ్యంలోంచి కొన్ని షాట్లు తిరిగి పెట్టి చూస్తారు. తర్వాతి ప్రదర్శనలో మూడు ఫిర్యాదులూ కలిసి తగ్గితే మూలం దొరికినట్టు. తల్లి గురించిన ఫిర్యాదు ఒక్కటే మిగిలితే ఆ దృశ్యం నిజంగానే పొడుగు.

అర్థం కాకపోవడమూ, ఇష్టం లేకపోవడమూ వేరు. మొదటిదాన్ని దాదాపు ఎప్పుడూ సరిదిద్దుతారు. రెండోదానికి దర్శకుడి నిర్ణయం కావాలి. 1987 నాటి ‘ఫేటల్ అట్రాక్షన్’ ఇందుకు సరిహద్దు ఉదాహరణ. మొదటి ముగింపులో అలెక్స్ అనే స్త్రీ ఆత్మహత్య చేసుకుని, నేరం ప్రియుడి మీద పడేలా చేస్తుంది. అది ప్రేక్షకులకు అర్థమైంది, నచ్చలేదు. ఆమెకు శిక్ష పడాలని కోరుకున్నారు. ఆ పాత్ర పోషించిన గ్లెన్ క్లోజ్ గట్టిగా వ్యతిరేకించినా కొత్త ముగింపు తీశారు. సినిమా ఆ ఏడాది పెద్ద విజయాల్లో ఒకటైంది. వ్యాపారానికి ఆ మార్పు సరైనదే. ఆమెను జబ్బుతో బాధపడుతున్న మనిషిగా మలిచిన నటికి మాత్రం తొలి ముగింపే న్యాయం చేసింది. ఆ ముగింపును తర్వాత జపాన్‌లో ప్రదర్శించారు.

తెలుగులో

తెలుగు పరిశ్రమలో రఫ్ కట్‌ను దర్శకుడు తన రచయితలకు, నమ్మకమైన మిత్రులకు చూపించడమే ఎక్కువ. అపరిచిత ప్రేక్షకులకు కార్డులిచ్చి చూపించే ఆచారం స్థిరపడలేదు. కథ ముందే బయటికి పొక్కుతుందన్న భయం దానికి పెద్ద అడ్డు. అందువల్ల అసలు పరీక్ష విడుదల రోజు మార్నింగ్ షోకి వాయిదా పడుతుంది. టాక్ వచ్చాక రెండో సగంలో పది, పదిహేను నిమిషాలు ట్రిమ్ చేసి కొత్త ప్రతి వేయడం మామూలే. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక అది తేలికైంది. అయితే సెన్సార్ సర్టిఫికెట్ పొందిన సినిమాలో ఏ మార్పు చేసినా, తీసేసినా చేర్చినా, బోర్డుకు తెలిపి సర్టిఫికెట్‌పై నమోదు చేయించుకోవాలని 1983 నాటి నియమాలు నిర్దేశించాయి. రఫ్ కట్ దశలో ఆ బాధ్యత లేదు. నటుల డేట్లు, సెట్లు అందుబాటులో ఉంటే ఆ దశలో ఒక దృశ్యాన్ని మళ్లీ తీయడానికీ వీలుంటుంది, విడుదలయ్యాక చాలావరకు కత్తిరింపే మిగులుతుంది.