వ్యక్తిగత రుణం: నెలసరి వాయిదా లెక్క

వ్యక్తిగత రుణాన్ని ప్రతి నెలా ఒకే మొత్తంగా తీర్చే వాయిదాను భారతదేశంలో ఈఎంఐ అంటారు. ఈ మొత్తాన్ని మూడు అంకెలు నిర్ణయిస్తాయి: అప్పు తీసుకున్న అసలు, ఏడాది వడ్డీ రేటు, తీర్చే నెలల సంఖ్య. వాయిదా మొత్తం చివరిదాకా మారదు కానీ, అందులో వడ్డీ ఎంత, అసలు ఎంత అన్నది ప్రతి నెలా మారుతుంది. బ్యాంకులు సాధారణంగా ఆ నెలకు మిగిలి ఉన్న అసలు మీదే వడ్డీ లెక్కకడతాయి కాబట్టి ఇలా జరుగుతుంది.

రెండు లక్షల రూపాయల అప్పు, ఏడాదికి 12 శాతం వడ్డీ, 24 నెలల గడువు అనుకుందాం. ముందు ఏడాది రేటును 12తో భాగిస్తే నెలకు 1 శాతం, అంటే 0.01 వస్తుంది. ఊళ్లలో ‘నూటికి రూపాయి వడ్డీ’ అనేది ఈ రేటునే.

వాయిదాలేవీ కట్టకుండా 24 నెలలు ఊరుకుంటే, అప్పు నెలనెలా 1.01 రెట్లు పెరుగుతూ పోతుంది. 1.01ని 24 సార్లు గుణించడానికి దగ్గరి దారి ఉంది. దాన్ని వర్గం చేస్తూ పోతే వరుసగా 2, 4, 8, 16వ ఘాతాలు వస్తాయి. ఎనిమిదో ఘాతం 1.082857, పదహారోది 1.172579. ఈ రెండింటినీ గుణిస్తే 24వ ఘాతం 1.269735 వస్తుంది. అంటే రెండు లక్షలు 2,53,947 రూపాయలు అవుతాయి.

ఇప్పుడు వాయిదాల వైపు చూడాలి. మొదటి నెల చివర కట్టిన వాయిదాకు మిగిలిన 23 నెలల వడ్డీ కలిసివస్తుంది, రెండోదానికి 22 నెలలది. ఆఖరి వాయిదాకు ఏమీ కలవదు. ఇలా నెలకు ఒక రూపాయి కడితే 24 నెలలకు 26.9735 రూపాయలు అవుతుంది (0.269735ను 0.01తో భాగిస్తే వచ్చేది ఇదే). పెరిగిన అప్పూ, పెరిగిన వాయిదాలూ సరిసమానం కావాలి గనుక 2,53,947ను 26.9735తో భాగించాలి. వాయిదా 9,414.69 రూపాయలు. పుస్తకాల్లో కనిపించే సూత్రం చెప్పేదీ ఇదే:

```
EMI = P × r × (1+r)^n ÷ ((1+r)^n − 1)
```

ఇందులో P అసలు, r నెల వడ్డీ రేటు, n నెలల సంఖ్య. 12 శాతాన్ని నెల రేటుగా మార్చకుండా r చోట 0.12 అనే వేస్తే వాయిదా ఏకంగా 25 వేలు దాటుతుంది. అలా వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో వెతకనక్కర్లేదు.

లెక్క సరిచూడాలంటే మొదటి రెండు నెలలు విడదీస్తే చాలు. మొదటి నెల వడ్డీ 2,000, కాబట్టి అసలులో జమ అయ్యేది 7,414.69. మిగిలిన 1,92,585.31 మీద రెండో నెల వడ్డీ 1,925.85కు తగ్గుతుంది. సగం గడువు గడిచేసరికి అసలు సగం తీరిపోదు: 12 వాయిదాల తర్వాత ఇంకా సుమారు 1,05,963 రూపాయలు ఉంటుంది. మొత్తం వడ్డీ 25,953 రూపాయలైతే, అందులో దాదాపు 18,939 మొదటి ఏడాదిలోనే పోతుంది. వాయిదాను 9,415గా పూర్తి రూపాయల్లోకి పెంచి వసూలు చేస్తే, ఆఖరిది సుమారు ఎనిమిది రూపాయలు తగ్గుతుంది.

కొందరు అప్పులిచ్చేవారు ‘ఫ్లాట్’ రేటు చెబుతారు. ఇందులో అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం రెండు లక్షల మీదే, రెండేళ్లకూ కలిపి 48,000. దాన్ని అసలుకు కలిపి 24తో భాగిస్తే నెలకు 10,333 రూపాయలు. మాటలో రెండూ 12 శాతమే. తగ్గే అసలు పద్ధతిలోకి మారిస్తే రెండోది దాదాపు 21.6 శాతం. తేలికైన భాగహారంతో వాయిదా తేలిపోయిందంటే అది ఫ్లాట్ రేటు కావచ్చని అనుమానించాలి.

వాయిదా సూత్రంలో ప్రాసెసింగ్ రుసుము కనిపించదు. రెండు శాతం రుసుము, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి 4,720 రూపాయలు ముందే పట్టుకుంటే చేతికి వచ్చేది 1,95,280. వాయిదా మాత్రం 9,414.69గానే ఉంటుంది. చేతికొచ్చిన డబ్బుకు ఆ వాయిదాలను సరిపెట్టే రేటు 12 కాదు, దాదాపు 14.4 శాతం. ఇలా రుసుములు కలిపి తేల్చిన వార్షిక రేటును ‘ముఖ్య వాస్తవాల పత్రం’లో చూపాలని రిజర్వు బ్యాంకు 2024లో ఆదేశించింది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరైన కొత్త వ్యక్తిగత రుణాలకు అది వర్తిస్తుంది.

కంప్యూటర్ పట్టికలో వాయిదాను ఒకే గడిలో రాబట్టవచ్చు. అసలు ముందు రుణ గుర్తు పెట్టకపోతే జవాబే రుణ సంఖ్యగా వస్తుంది.

```
=PMT(0.12/12, 24, -200000)
```