హాట్‌స్పాట్ కలిసినా నెట్ ఎందుకు రాదు?

ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ పేరు పక్కన కనెక్ట్ అయినట్టే కనిపిస్తుంది. దాని కిందే `No internet, secured` అని ఇంకో మాట. ఫోన్‌లో చూస్తే వాట్సాప్ మామూలుగా నడుస్తూ ఉంటుంది. ఈ చిక్కు ఇవాళ ఇంటింటికీ తెలిసినదే. కానీ 2005 ప్రాంతంలో ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించి నెట్ వాడుకున్నవాళ్ళకి ఇది ఇలా ఎదురయ్యేది కాదు. వాళ్ళకి కనెక్షన్ కుదిరిందంటే చాలావరకు నెట్ వచ్చినట్టే. నెట్ రానప్పుడు అసలు కనెక్షనే నిలబడేది కాదు. ‘కలిసింది గానీ రావట్లేదు’ అనే స్థితి ఆ తర్వాత పుట్టింది. అది ఎలా పుట్టిందో తెలిస్తే, లోపాన్ని ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

ఆ రోజుల్లో ఫోన్ కంప్యూటర్‌కి మోడెమ్ మాత్రమే. రిలయన్స్ సీడీఎంఏ ఫోన్ ఉన్నవాళ్ళు డేటా కేబుల్ కొనుక్కుని #777 డయల్ చేసేవారు. నోకియా వాళ్ళు పీసీ సూట్ వేసుకుని, కేబుల్‌తోనో బ్లూటూత్‌తోనో కలిపి *99# కొట్టేవారు. అంతకన్నా ముందు కంట్రోల్ ప్యానెల్‌లో మోడెమ్ ప్రాపర్టీస్ తెరిచి, అదనపు కమాండ్లు రాసే పెట్టెలో ఒక వరుస రాయాల్సి వచ్చేది. ఎయిర్‌టెల్ సిమ్ అయితే అది ఇలా ఉండేది:

```
AT+CGDCONT=1,"IP","airtelgprs.com"
```

చివర కొటేషన్లలో ఉన్నది ఏపీఎన్. టెలికాం కంపెనీ సొంత నెట్‌వర్క్ లోంచి బయటి ఇంటర్నెట్‌కి వెళ్ళే గేటు పేరు అది. బీఎస్‌ఎన్‌ఎల్‌కి `bsnlnet`, తర్వాత వచ్చిన జియోకి `jionet`. *99# కొడితే ఎవరి ఫోనూ మోగదు, ‘ఆ గేటు తెరువు’ అని ఫోన్‌కి చెప్పినట్టు అవుతుంది, అంతే. గేటు తెరుచుకుంటే టెలికాం కంపెనీ ఇచ్చే ఐపీ అడ్రసు నేరుగా కంప్యూటర్‌కే వచ్చేది. ఫోన్ మధ్యలో మోసుకెళ్ళేదే తప్ప తనకంటూ ఏ నిర్ణయమూ ఉండేది కాదు. ఏపీఎన్‌లో ఒక్క అక్షరం తప్పు పడ్డా విండోస్ 734 లాంటి ఎర్రర్ నంబరు చూపించి లైన్ వదిలేసేది. కంప్యూటర్ నుంచి కంపెనీ దాకా ఒకటే దారి. ఆ పద్ధతికి విండోస్ పెట్టిన పేరు డయల్-అప్ నెట్‌వర్కింగ్, పొట్టిగా డన్. ఈ పేరు ఇవాళ్టి ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగుల్లో ఇంకా ఉంది, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

2008లో ఫిన్లాండ్ వాళ్ళు జోయికుస్పాట్ అనే యాప్ తెచ్చారు. వైఫై ఉన్న నోకియా ఫోన్‌లో దాన్ని వేసుకుంటే ఫోనే వైఫై పంచడం మొదలుపెట్టింది. 2010 మే నెలలో ఆండ్రాయిడ్ 2.2తో ఆ సదుపాయం ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే చేరింది. ఐఫోన్‌కి కేబుల్, బ్లూటూత్ ద్వారా పంచడం 2009లో వచ్చింది గానీ, వైఫై హాట్‌స్పాట్ 2011 మార్చిలో ఐఓఎస్ 4.3తో ఐఫోన్ 4లో విస్తృతంగా అందింది. కేబుల్ పోయిందన్న సంతోషంలో చాలామంది గమనించలేదు గానీ, ఇక్కడ ఫోన్ పాత్రే మారిపోయింది. అది మోడెమ్ పని మాని రౌటర్ అయింది.

ఎందుకంటే టెలికాం కంపెనీ ఫోన్‌కి ఇచ్చేది ఒక్క అడ్రసే, హాట్‌స్పాట్‌కి తగులుకునేవి నాలుగైదు పరికరాలు. దానికి పాత ఉపాయమే పనికొచ్చింది. ఇంటర్నెట్ అడ్రసులు చాలవన్న బెంగ మొదలైనప్పుడు, 1994 మేలో కెల్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ ఒక పత్రం రాశారు. లోపలి పరికరాలకు లోపల మాత్రమే చెల్లే అడ్రసులు ఇచ్చి, బయటికి వెళ్ళే ప్రతి ప్యాకెట్ మీదా ఆ అడ్రసు తీసేసి బయట చెల్లే అడ్రసు రాసే పద్ధతి అది. దానికి నాట్ అని పేరు. అన్నిటికీ తన ఒక్క అడ్రసే రాస్తూ ఫోన్ ఇప్పుడు చేస్తున్నది అదే. ల్యాప్‌టాప్‌కి అడ్రసు ఇచ్చేది టెలికాం కంపెనీ కాదు, ఫోనే. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలా ఏళ్ళు తమ లోపలి అడ్రసు 192.168.43.1గా పెట్టుకున్నాయి, ఆండ్రాయిడ్ 11 నుంచి అది మారుతూ ఉంటుంది. ఐఫోన్‌ది 172.20.10.1.

దీంతో దారి రెండు ముక్కలైంది. ల్యాప్‌టాప్ నుంచి ఫోన్ దాకా ఒకటి, ఫోన్ నుంచి టెలికాం గేటు దాకా ఇంకొకటి. అపార్ట్‌మెంట్‌లో పైపులన్నీ బిగించి ఉన్నాయి సరే, మున్సిపాలిటీ నీళ్ళు వదిలిందా అన్నది వేరే ప్రశ్న. కావాలంటే చూడండి: చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మొబైల్ డేటా ఆపేసి హాట్‌స్పాట్ ఆన్ చేసినా ల్యాప్‌టాప్ నిక్షేపంగా కలుస్తుంది, అడ్రసు కూడా వస్తుంది. ‘కనెక్ట్ అయింది’ అన్న మాట మొదటి ముక్క గురించే.

రెండో ముక్కలో లోపాలన్నీ ఊరికే వచ్చినవి కావు, కొన్ని కావాలని కట్టిన గేట్ల వల్ల వచ్చాయి. ఫోన్‌లో చూసేదానికన్నా ల్యాప్‌టాప్‌లో డేటా ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి అమెరికా కంపెనీలు హాట్‌స్పాట్‌కి విడిగా డబ్బు వసూలు చేయాలనుకున్నాయి. 2010 జూన్‌లో ఏటీ అండ్ టీ 2 జీబీ ప్లాన్‌కి 25 డాలర్లు, అదే 2 జీబీని ల్యాప్‌టాప్‌తో పంచుకోవడానికి ఇంకో 20 డాలర్లు పెట్టింది. డేటా ఒక్క ఎంబీ కూడా పెరగదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. హాట్‌స్పాట్ యాప్‌లను అడ్డుకున్న వ్యవహారంలో వెరిజాన్ 2012 జూలైలో అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్‌తో 12.5 లక్షల డాలర్లు కట్టి రాజీపడాల్సి వచ్చింది.

డబ్బు వేరుగా అడగాలంటే ముందు ల్యాప్‌టాప్ ట్రాఫిక్‌ని వేరుగా గుర్తుపట్టాలి. ఒక దారి టీటీఎల్. ప్రతి ప్యాకెట్ మీదా ఉండే ఈ సంఖ్య ఒక్కో రౌటర్ దాటినప్పుడు ఒకటి తగ్గుతుంది. ఆండ్రాయిడ్ 64తో, విండోస్ 128తో మొదలుపెడతాయి. ఫోన్ సొంత ప్యాకెట్ 64తో బయటికి వస్తే, దాని వెనక ఉన్న ల్యాప్‌టాప్ ప్యాకెట్ 127తో వస్తుంది. చూసేవాడికి అది చాలు. రెండో దారి, హాట్‌స్పాట్ ట్రాఫిక్‌కి ప్రత్యేకంగా ఒక ఏపీఎన్ పెట్టడం. ఆండ్రాయిడ్ దానికి పాత పేరే ఉంచింది: `dun`. ఫోన్‌లో ‘హాట్‌స్పాట్‌కి డన్ గేటు తప్పనిసరి’ అని రాసి ఉండి, సిమ్ వివరాల్లో ఆ గేటు లేకపోతే, ఫోన్ వైఫై పంచుతుంది గానీ ల్యాప్‌టాప్ ప్యాకెట్లను బయటికి పంపదు. తన సొంత పనులు మాత్రం మామూలు గేటు లోంచి చేసుకుంటూనే ఉంటుంది.

ఈ రకం కేసు ఒకటి తెలిసినవాళ్ళింట్లో చూశాను. పెద్దబ్బాయి అమెరికాలో ఒక టెలికాం కంపెనీ దగ్గర కొన్న ఫోన్‌ని తమ్ముడికి పంపాడు. ఇక్కడి సిమ్ వేస్తే కాల్స్, యూట్యూబ్ అన్నీ బాగున్నాయి, హాట్‌స్పాట్‌లో మాత్రం నెట్ లేదు. ఆ కుర్రాడు అప్పటికే ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయించాలనుకుంటున్నాడు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి వరసగా ఇవి కొట్టాం:

```
ipconfig
ping 192.168.43.1
ping 8.8.8.8
nslookup google.com
```

మొదటిదానికి ల్యాప్‌టాప్ అడ్రసు 192.168.43తో మొదలయ్యేది వచ్చింది, గేట్‌వేగా 192.168.43.1 ఉంది. అంటే ఫోన్ అడ్రసు ఇచ్చింది. ఇక్కడ 169.254తో మొదలయ్యే అడ్రసు కనిపించి ఉంటే, ఫోన్ నుంచి ఏమీ రాక ల్యాప్‌టాప్ తనకు తానే ఒక అడ్రసు పెట్టుకుందని అర్థం. అప్పుడు ఆ నెట్‌వర్క్‌ని మర్చిపొమ్మని చెప్పి, హాట్‌స్పాట్ ఆపి మళ్ళీ కలపాలి. రెండోదానికి ఫోన్ వెంటనే బదులిచ్చింది, కాబట్టి మొదటి ముక్క దారి బాగుంది. మూడోదానికి నాలుగు సార్లూ `Request timed out.` ఫోన్‌లోనేమో నెట్ ఉంది. లోపం ఎక్కడో ఇక్కడే తేలిపోయింది, నాలుగోది చూడక్కర్లేదు. ఒకవేళ 8.8.8.8 పలికి, nslookup ఒక్కటే విఫలమైతే అది డీఎన్‌ఎస్ సమస్య. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఆఫీసు డీఎన్‌ఎస్ అడ్రసు చేత్తో రాసి ఉంచినప్పుడు ఇలా అవుతుంది, దాన్ని ఆటోమేటిక్‌కి మారిస్తే పోతుంది.

ఫోన్‌లో మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో `Access Point Names` తెరిచాం. `APN type` దగ్గర `default,supl` అని ఉంది. దాన్ని ఇలా మార్చాం:

```
default,supl,dun
```

సేవ్ చేసి, ఆ ఏపీఎన్‌నే ఎంచుకుని, ఎయిర్‌ప్లేన్ మోడ్ ఒకసారి వేసి తీసి, హాట్‌స్పాట్ మళ్ళీ ఆన్ చేశాం. ఈసారి 8.8.8.8 పలికింది. అన్ని ఫోన్లూ ఇంత తేలిగ్గా మాట వినవు. కొన్నిటిలో ఆ పెట్టె మార్చడానికి వీలుండదు, అప్పుడు అదే ఏపీఎన్ పేరుతో కొత్తది సృష్టించుకోవాలి. అదీ కుదరకపోతే ఆ ఫోన్‌లో సెట్టింగుల ద్వారా చేయగలిగింది లేదు.

ఇక ల్యాప్‌టాప్ చూపించే ఆ `No internet` తీర్పు ఎక్కడిదన్నది మిగిలింది. విండోస్ విస్టా కాలం నుంచీ కంప్యూటర్ ఏ నెట్‌వర్క్‌లో చేరినా మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక చిన్న టెక్స్ట్ ఫైలు తెచ్చుకుని చూస్తుంది. విండోస్ 10లో దాని చిరునామా `http://www.msftconnecttest.com/connecttest.txt`. అందులో ఉండేది `Microsoft Connect Test` అన్న మాటలే. అవి యథాతథంగా వస్తే నెట్ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. కాబట్టి ఆ తీర్పు ప్రతిసారీ నిజం కాకపోవచ్చు. వీపీఎన్ అడ్డుపడినా, పాత ప్రాక్సీ మిగిలిపోయినా, ఆ ఫైలు సమయానికి అందకపోయినా అదే మాట చూపిస్తుంది.

మన దగ్గర ఎక్కువగా తగిలేది ఈ చివరిదే. రోజువారీ కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే సెకనుకి 8 కిలోబైట్లు. ఫోన్‌లో వాట్సాప్ మెసేజీలు వెళ్తూనే ఉంటాయి కాబట్టి నెట్ ఉందనే అనుకుంటాం. ల్యాప్‌టాప్‌లో 1 ఎంబీ పేజీ రావాలంటే ఒక్కదానికే రెండు నిమిషాలు దాటుతుంది. పైగా కలిసీ కలవగానే విండోస్ అప్‌డేట్, వన్‌డ్రైవ్ ఆ కాస్త దారినీ ఆక్రమించేస్తాయి. సర్వీస్ ప్రొవైడర్ యాప్‌లో ఆ రోజు మిగిలిన డేటా ఎంతో చూసుకుంటే విషయం తేలిపోతుంది. హాట్‌స్పాట్‌ని రోజూ వాడేవాళ్ళు వైఫై ప్రాపర్టీస్‌లో ఆ నెట్‌వర్క్‌కి `Metered connection` ఆన్ చేసి ఉంచితే, విండోస్ తన పెద్ద డౌన్‌లోడ్లను చాలావరకు ఆపుకుని, మధ్యాహ్నానికే కోటా హరించుకుపోకుండా చూస్తుంది.