మంగళాద్రి నృసింహస్వామివారి తిరుకల్యాణము

గుంటూరు మండలమున మిరపపండ్లు కల్లములయం దారుచు, ప్రత్తిచేలలో చివరితీతలు సాగుచుండు దినములలో ఫాల్గుణ మాసము ప్రవేశించును. అప్పుడే మంగళగిరిలో శ్రీ లక్ష్మీనృసింహస్వామివారికి బ్రహ్మోత్సవములు జరుగును. శుద్ధ చతుర్దశినాటి రాత్రి తిరుకల్యాణము, మరునాడు పూర్ణిమకు రథోత్సవము. ఈ రథోత్సవమునే జనులు మంగళగిరి తిరునాళ్ళని వ్యవహరింతురు.

కొండమీది పానకాలస్వామివారికి విగ్రహము లేదు. శిలలో తెరచిన నోరు మాత్రమే కలదు. కావున పెండ్లి వేడుకలన్నియు కొండ దిగువనున్న ఆలయములో, శ్రీదేవీ భూదేవీ సహితుడైన ఉత్సవమూర్తికి జరుగును. దిగువ స్వామిని ధర్మరాజు ప్రతిష్ఠించెనని స్థలపురాణము చెప్పును.

ఉత్సవములకు తొలి వేడుక స్వామిని పెండ్లికుమారుని చేయుట. ఈ కైంకర్యము మంగళగిరి పద్మశాలీయులది. లక్ష్మీదేవి తమ కులమున పుట్టిన ఆడపడుచని వారి విశ్వాసము. మగ్గములే జీవనాధారమైన ఆ ఊరిలో అల్లునికి వారే మొదటి మర్యాద జరుపుట సహజము. పిమ్మట ధ్వజారోహణము. గరుడుని చిత్రించిన పటమును ధ్వజస్తంభమున కెత్తి దేవతలను పెండ్లికి ఆహ్వానింతురు. అది మొదలు స్వామి హనుమంత, పొన్న, గరుడాది వాహనములపై ఊరేగును. దేవాలయమునకు రాలేని వృద్ధులకును, రోగులకును స్వామియే వీధిలోనికి వచ్చి దర్శనమిచ్చుట ఈ ఊరేగింపుల ముఖ్యప్రయోజనము. వాహనము తమ వాకిట నిలిచినప్పుడు గృహస్థులు కొబ్బరికాయయు హారతియు సమర్పింతురు.

కల్యాణమునకు ముందు జరుగు ఎదురుకోలు వేడుక విశేషముగా గమనింపదగినది. దీనిని జరుపువారు చెంచులు. స్వామి వలచి పెండ్లాడిన చెంచులక్ష్మి వారి ఆడపడుచు. అడవిలో పుట్టి పెరిగినవారు ఆ రాత్రి దేవునికి పిల్లనిచ్చిన వియ్యాలవారై నిలుతురు.

ఈ వేడుక జరుగు ఆలయమునకు ఎదుట పదునొకండు అంతస్తులతో, 153 అడుగుల యెత్తున గాలిగోపురము నిలిచియున్నది. దానిని 1807-09 సంవత్సరములలో కట్టించినవాడు రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు. ఆ ప్రభువు తన సీమలో దోపిడీలు చేయుచున్న చెంచులను విందునకు పిలిపించి శిరస్సులు నరికించెననియు, ఆ పాపము మనస్సును దహింపగా దేవాలయముల సేవకు తన ధనమును వెచ్చించెననియు ఈ ప్రాంతమున తరతరములుగా చెప్పుకొందురు. ఆ కథ నెరిగి గోపురమును చూచువానికి ఎదురుకోలు వట్టి వేడుకగా తోచదు. ఎవరి రక్తము నేల పాలైనదో వారి జాతివారే ఆ గోపురము నీడన ఏటేట స్వామికి ఎదురేగి స్వాగతమిత్తురు. ప్రభువు గోపురము కట్టగలిగెను గాని వియ్యపువరుస పొందలేకపోయెను. అది చెంచులకే దక్కినది.

ఎదురుకోలు ముగిసిన పిదప రాత్రి పొద్దుపోయిన వేళ కల్యాణము. పుణ్యాహవాచనము, కన్యాదానము, మాంగల్యధారణము, తలంబ్రాలు అను క్రమమున మానవుల వివాహమువలెనే ఇది సాగును. ముగిసిన వెంటనే లేచిపోక నిలిచినవారికి అక్షతలు లభించును. పెండ్లికెదిగిన బిడ్డలున్నవారు వానిని ఇంటికి కొనిపోయి భద్రపరతురు.

పూర్ణిమనాడు రథమును భక్తులే మోకులు పట్టి లాగుదురు. ఇందు కులభేదము లేదు. అయితే కొంత ఎరుక వలయును. రథము తనంత తాను ఆగదు. చక్రములకు కొయ్యదిమ్మెలు అడ్డువేయువారే దానిని నిలుపుచు, దారి మళ్ళించుచుందురు. కావున చక్రములకు దాపున నిలువరాదు. మోకునకును గోడలకును నడుమ చిక్కుకొనరాదు. పిల్లలను దూరముగా ఎత్తయిన అరుగులపై నిలుపుట మేలు.

కల్లమును విడిచి ఉత్సవములన్ని దినములును అచట గడపుట రైతునకు సాధ్యము కాదు. అట్టివాడు చతుర్దశి ఉదయమున బయలుదేరి, మొదట కొండ నెక్కవలెను. చన్నాప్రగడ బలరామదాసు 1890లో కట్టించిన మెట్లున్నవి. ఎగువ సన్నిధి పగటివేళ మాత్రమే తెరచియుండును. రాత్రి దేవతలు స్వామిని అర్చింతురను నమ్మికచే ప్రొద్దుండగానే తలుపులు మూయుదురు. సాయంకాలము చేరినవానికి పానకసేవ దొరకదు. బెల్లపుపానకమును శంఖముతో స్వామి నోట పోయుదురు. గుటకవంటి చప్పుడు వినవచ్చును. సమర్పించినదానిలో సగము ప్రసాదముగా తిరిగివచ్చును. అది స్వీకరించి దిగి, రాత్రి ఎదురుకోలును కల్యాణమును చూచి, మరునాడు మోకు పట్టినచో రెండుదినములలో యాత్ర పూర్తియగును.

తిథులు ఒక్కొక్కయేట దినము నడుమ మారును. కావున పంచాంగమునే నమ్మి బయలుదేరక, దేవస్థానమువారి ఆహ్వానపత్రికలోని తేదీని చూచుకొనవలెను.