షార్ట్ పుస్తకం దాచిన లెక్క

విజయవాడ వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల చిన్న మందుల షాపు అంటే, కంప్యూటర్లు రాకముందు, గల్లా పక్కన ఒక షార్ట్ పుస్తకం ఉండాల్సిందే. ర్యాకులో ఆఖరి డబ్బా విప్పితే ఆ మందు పేరు అందులోకి ఎక్కేది. అడిగిన మందు లేక ఎవరైనా తిరిగి వెళ్లిపోయినా ఎక్కేది. స్టాకిస్టుకు ఆర్డరు చెప్పేది ఆ పేజీ చూసే.

ఒకసారి ఎంత సరుకు తెప్పిస్తే ఖర్చు తగ్గుతుందో 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికా ఇంజనీరు లెక్క కట్టాడు. ఎంత తెప్పించాలి, ఎప్పుడు తెప్పించాలి అనేవి రెండు వేరు ప్రశ్నలని 1934లో ఆర్.హెచ్. విల్సన్ విడదీసి చూపాడు. మన షాపులకు పనికొచ్చింది ఈ రెండో ప్రశ్నే. ఇప్పుడు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో కనిపించే రీఆర్డర్ లెవెల్ దాని జవాబే.

పారాసెటమాల్ 650 తీసుకుందాం. ఒక షాపులో సగటున రోజుకు 20 స్ట్రిప్పులు పోతాయి, జ్వరాల రోజుల్లో 35. ఆదివారం అడ్డుపడితే సరుకు చేరడానికి రెండు రోజులు. మామూలుగా ఆ రెండు రోజులకు 40 చాలు, రద్దీ అయితే 70 కావాలి. మధ్యలోని 30 స్ట్రిప్పులే సేఫ్టీ స్టాక్. ర్యాకులో 70 మిగలగానే ఆర్డరు పెట్టాలి.

ఈ లెక్కలో నాకు అసలు భయం సగటు దగ్గరే. నెలలో 500 స్ట్రిప్పులు అమ్మారు, కానీ ఐదు రోజులు మందే లేదు. సాఫ్ట్‌వేర్ 500ను 30తో భాగించి 17 అంటుంది. సరుకున్న 25 రోజులతో భాగిస్తే 20. లేని రోజుల్ని గిరాకీ లేని రోజులుగా లెక్కేయడం వల్ల లెవెల్ తగ్గుతుంది, మందు మళ్లీ అయిపోతుంది, మరుసటి నెల సగటు ఇంకా పడిపోతుంది. బిల్లు కాని గిరాకీ కంప్యూటర్‌కు కనబడదు. షార్ట్ పుస్తకంలో మాత్రం ఆ తిరిగి వెళ్లినవాళ్లు ఉండేవారు. తరచూ అయిపోయే మందుకు స్టాకు నిల్ అయిన తేదీలు చూసి, వాటిని తీసేసి సగటు కడితే తేడా తెలిసిపోతుంది.

రెండు రోజులన్న మాట కూడా ఎప్పుడూ నిలవదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి కాజీపేట వైపు రైళ్లు ఆగిపోయాయి. అలాంటప్పుడు సరుకుకు ఐదు రోజులు పడితే, రద్దీకి 35 చొప్పున 175 స్ట్రిప్పులు కావాలి. అన్ని మందులకూ ఇలా పెంచితే డబ్బు ర్యాకులో ఇరుక్కుపోతుంది, ఎక్స్‌పైరీలు మీద పడతాయి. అందుకే వానాకాలంలో పారాసెటమాల్, ఓఆర్‌ఎస్, డాక్సీసైక్లిన్ లాంటి కొన్నింటికే లెవెల్ పెంచడం మేలు. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కాబట్టి ఫ్రిజ్‌లో ఎంత పడితే అంతే. వానలు తగ్గాక, దీపావళి నాటికి, పెంచిన అంకెల్ని మళ్లీ పాత చోటికి దించాలి.